ఒక కాయిన్ ఒక డాలరే... శని, ఆదివారాల్లో కూడానా?

ప్రశ్న: మాది కరీంనగర్. పాప ఇంజనీరింగ్ ఫీజుల కోసం 6 లక్షలు ఎఫ్‌డీలో ఉన్నాయి. డల్లాస్‌లో ఉండే మా బావమరిది "అది తీసి యూఎస్‌డీసీ అనే క్రిప్టో కాయిన్‌లో పెట్టు బావా, ఒక కాయిన్ అంటే ఒక డాలరే, తగ్గేది లేదు, పైగా 8 శాతం వస్తుంది" అంటున్నాడు. నిజంగానే తగ్గదా?

జవాబు: ఒకసారి తగ్గింది. 2023 మార్చి 11, శనివారం నాడు అదే యూఎస్‌డీసీ 88 సెంట్ల దాకా పడిపోయింది. ఎందుకు పడిందో తెలియాలంటే, మామూలు రోజుల్లో డాలర్ దగ్గర ఎలా నిలబడుతుందో ముందు చూడాలి.

ఈ కాయిన్‌ని సర్కిల్ అనే అమెరికన్ కంపెనీ ఇస్తుంది. పెద్ద సంస్థలు డాలర్ కడితే కాయిన్ ఇస్తుంది, కాయిన్ తిరిగిస్తే దాన్ని రద్దు చేసి డాలర్ ఇస్తుంది. వచ్చిన డాలర్లలో ఎక్కువ భాగం అమెరికా ప్రభుత్వ స్వల్పకాలిక బాండ్లలో, కొంత బ్యాంకుల్లో ఉంచుతుంది. మార్కెట్లో కాయిన్ 99.5 సెంట్లకు దిగిందనుకోండి. ఒక ట్రేడర్ 9,95,000 డాలర్లు పెట్టి 10 లక్షల కాయిన్లు కొని, సర్కిల్‌కి ఇచ్చి 10 లక్షల డాలర్లు తీసుకుంటాడు. 5,000 డాలర్లు మిగులుతాయి. ఇలా నలుగురు ఎగబడి కొనేసరికి ధర మళ్లీ డాలర్‌కి చేరుతుంది. డాలర్ దాటితే దీనికి తిరగేసి చేస్తారు: కొత్త కాయిన్లు తీసుకుని మార్కెట్లో అమ్ముతారు. అంటే ధరని పట్టి ఉంచేది ఆ ట్రేడర్ల లాభాపేక్షే. కాయిన్ ఇస్తే డాలర్ వెంటనే చేతికి వస్తుందన్న నమ్మకం ఉన్నంతవరకే వాళ్లు కొంటారు.

మార్చి 10, శుక్రవారం సిలికాన్ వ్యాలీ బ్యాంక్ మూతపడింది. యూఎస్‌డీసీ వెనక ఉన్న సుమారు 4,000 కోట్ల డాలర్లలో 330 కోట్లు ఆ బ్యాంకులోనే ఉన్నాయని సర్కిల్ చెప్పింది. లెక్క వేయండి. ఆ సొమ్ములో పైసా రాకపోయినా కాయిన్ వెనక దాదాపు 92 సెంట్లు ఉంటాయి. మరి 88కి ఎందుకు పడింది? వారాంతంలో బ్యాంకులు పనిచేయవు కాబట్టి సర్కిల్ దగ్గర డాలర్ తీసుకునే దారి మూసుకుపోయింది. జనం కాయిన్లు కొని అమ్ముకునే కాయిన్‌బేస్ ఎక్స్చేంజ్ కూడా కాయిన్‌ని డాలర్లోకి మార్చడం సోమవారం దాకా ఆపేసింది. క్రిప్టో మార్కెట్‌కి మాత్రం శని, ఆదివారాలు లేవు. శనివారం 88కి కొనేవాడు సోమవారం దాకా టెన్షన్‌తో కూర్చోవాలి, ఈలోపు ఇంకో బ్యాంకు పోతే ఏంటి గతి? ఆ భయానికి పలికిన ధర అది. ఆదివారం సాయంత్రం డిపాజిటర్లందరికీ పూర్తి సొమ్ము ఇస్తామని అమెరికా ప్రభుత్వం ప్రకటించాక, సోమవారానికి కాయిన్ దాదాపు డాలర్‌కి వచ్చేసింది. ఓపిక పట్టినవాళ్లకి ఏమీ కాలేదు. అదే శనివారం ఫీజు కట్టాల్సి వచ్చి 88కి అమ్ముకుని ఉంటే, మీ 6 లక్షల్లో 72 వేలు పోయేవి. మీరూ నేనూ సర్కిల్ దగ్గరికి నేరుగా వెళ్లలేం కదా, ఎక్స్చేంజ్‌లో ఎంత పలికితే అంతకే అమ్మాలి.

ఇది వెనక డబ్బున్న కాయిన్ కథ. 2022 మేలో కూలిన టెర్రా యూఎస్‌టీ అనే కాయిన్‌కి అలాంటి డాలర్ నిల్వే ఆధారం కాదు. ఒక యూఎస్‌టీ ఇస్తే ఒక డాలర్ విలువైన లూనా అనే ఇంకో కాయిన్‌ని కొత్తగా ముద్రించి ఇచ్చేవాళ్లు. పాత అప్పుకి కొత్త ప్రామిసరీ నోటు రాసిచ్చినట్టన్నమాట. అందరూ ఒకేసారి వచ్చి అడిగేసరికి లూనా ముద్రణ పెరిగి ధర పడింది, ధర పడ్డకొద్దీ ఇంకా ఎక్కువ ముద్రించాల్సి వచ్చింది. 35 కోట్ల చిల్లర ఉన్న లూనాలు కొద్ది రోజుల్లో 6.5 లక్షల కోట్లయ్యాయి. రెండు కాయిన్లూ మట్టిలో కలిశాయి. అందులో జనం డబ్బు పెట్టింది కూడా 20 శాతానికి దగ్గరగా ఇస్తామన్న వడ్డీ చూసే.

అందుకే మీ బావమరిది చెప్పిన 8 శాతం ఎవరిస్తున్నారో అడగండి. అది కాయిన్‌తోపాటు దానంతటదే వచ్చేది కాదు. మీ కాయిన్లు తీసుకుని వేరేవాళ్లకి అప్పిచ్చే ప్లాట్‌ఫాం ఇచ్చేదైతే, కాయిన్ డాలర్ దగ్గరే ఉన్నా ఆ ప్లాట్‌ఫాం మునిగితే మీ సొమ్ము పోతుంది. ఎఫ్‌డీకి ఒక్కో బ్యాంకులో 5 లక్షల దాకా ఉండే డిపాజిట్ బీమా దీనికి లేదు.

ఇంకోటి, పన్ను. క్రిప్టో లాభం మీద మనకి 30 శాతం, దానిమీద సెస్సు. డాలర్ రేటు పెరగడం వల్ల వచ్చినా లాభం లాభమే. నష్టం వస్తే వేరే ఆదాయంలో తగ్గించుకోవడం కుదరదు. అమ్మేటప్పుడు 1 శాతం టీడీఎస్ కూడా పట్టుకుంటారు, 6 లక్షలకి 6 వేలు. రిటర్న్‌లో సర్దుబాటవుతుంది గానీ, ఫీజు కట్టే రోజు చేతిలో ఉండదు.

పాప ఫీజు రూపాయల్లో, తేదీ ప్రకారం కట్టాలి. ఆ 6 లక్షలు కదపకండి. 5 లక్షలు దాటిన భాగాన్ని మాత్రం రెన్యువల్ అప్పుడు ఇంకో బ్యాంకులో వేయండి.