యానిమేషన్ షార్ట్‌లో మొదటి ఐదు సెకన్లు: మా బజ్జీల పందెం కథ

ప్రశ్న: గుంటూరు నుంచి చిన్న చిన్న యానిమేషన్ కథలు చేసి షార్ట్స్‌గా పెడుతున్నాను. ఒక్కోదానికి రెండు వారాలు పడుతోంది. చూస్తే చాలామంది ఐదు సెకన్లు కూడా ఆగట్లేదు. మొదట్లో ఏం పెడితే ఆగుతారు?

జవాబు:

ముందు లోగో, టైటిల్ ఏమైనా ఉంటే తీసేయండి. అవి తీసేశాక కూడా జనం ఆగకపోతే అప్పుడు అసలు పని మొదలవుతుంది. మాకు అలాగే అయింది.

మేం విజయవాడ సత్యనారాయణపురంలో ఉంటాం. కథ, ఎడిటింగ్ నావి. బొమ్మలు మా పిన్ని కూతురు వేస్తుంది. పిల్లల గొంతులన్నీ మా మేనల్లుడివే. మీ ఊరి కథే ఒకటి చేశాం. పండక్కి గుంటూరు అత్తారింటికి వచ్చిన కొత్తల్లుడు, చుక్క నీళ్లు తాగకుండా పది మిరపకాయ బజ్జీలు తింటానని చిన్న బావమరిదితో పందెం కాస్తాడు. నలభై సెకన్ల కథ.

మొదటిసారి దాన్ని సూర్యోదయంతో మొదలుపెట్టాం. మిర్చి యార్డులో వరసగా పేర్చిన మిరప బస్తాలు, అదే టిక్కీలు, వాటి మీదుగా మెల్లగా జరిగే కెమెరా. ఆ ఒక్క షాటుకే మా చెల్లి ఎనిమిది రోజులు కూర్చుంది. తర్వాత అల్లుడు బస్సు దిగుతాడు, ఇంటికొస్తాడు. మొదటి బజ్జీ కనిపించేసరికి పదకొండో సెకను. అప్పటికి చూసేవాళ్లలో ముప్పాతిక మంది లేరు.

దాన్ని ఇలా మార్చాం. మొదటి ఫ్రేములోనే అల్లుడి ముఖం తెర నిండా ఉంటుంది. ఎర్రగా కందిపోయి, కంటి చివర నీటిబొట్టు, పళ్ల మధ్య సగం బజ్జీ. పక్క నుంచి పిల్లాడి గొంతు, "బావా, ఇంకొక్కటే!" రెండో సెకనులో పళ్లెం చూపిస్తాం: తొమ్మిది తొడిమలు, ఒక బజ్జీ. మూడున్నర దగ్గర అల్లుడి చెయ్యి మెల్లగా మంచినీళ్ల గ్లాసు వైపు పాకుతుంది. పిల్లాడు గ్లాసు వెనక్కి లాగేసి, "నీళ్లు తాగితే ఓడిపోయినట్టే" అంటాడు. ఐదు సెకన్లు అయ్యాయి. పందెం ఏమిటో, ఎంత మిగిలిందో, అడ్డం ఏమిటో అన్నీ తెలిసిపోయాయి. ఎవరూ కూర్చుని వివరించలేదు.

ఇందులో యానిమేషన్‌కే సంబంధించిన లాభం ఒకటుంది. సెకనుకి 24 ఫ్రేముల లెక్కన ఐదు సెకన్లంటే 120 ఫ్రేములు. రెండేసి ఫ్రేములకి ఒక బొమ్మ వేసినా 60 బొమ్మలు. కానీ పై సన్నివేశంలో నిజంగా కదిలేవి నోరు, కన్నీటిబొట్టు, చెయ్యి, గ్లాసు అంతే. మిగతాదంతా కదలకుండా నిలబెట్టిన బొమ్మ. పదిహేడు బొమ్మలతో అయిపోయింది. జనాన్ని ఆపేది భంగిమ, అందుకే శ్రమంతా ఆ మొదటి భంగిమ మీద పెట్టండి. పాత్రని నల్లగా నింపేసి, తపాలా బిళ్లంత సైజుకి తగ్గించి చూడండి. అప్పుడు కూడా "వీడు ఏదో ఇబ్బందిలో ఉన్నాడు" అని తెలిస్తే సరే. తెలియకపోతే మళ్లీ గీయాల్సిందే. కదలికని కూడా మధ్యలోంచి అందుకోండి. చెయ్యి లేవడం మొదలయ్యే దాకా ఆగకుండా, లేచిన చెయ్యితోనే షాటు తెరవాలి. నల్ల తెర మీద నుంచి మెల్లగా వెలుగు రావడం లాంటివి అసలు వద్దు.

ఈ రెండో కూర్పు కూడా సరిగ్గా ఆడలేదు. అది చెప్పకపోతే మీరు కూడా అదే గుంటలో పడతారు. ఐదో సెకను దాకా జనం బాగానే ఆగారు, ఆరో సెకను దగ్గర ఒక్కసారిగా పడిపోయారు. ఎందుకంటే అక్కడ మేం "ఒక రోజు ముందు" అని వేసి మళ్లీ మిర్చి యార్డుకి, అక్కణ్నుంచి బస్టాండుకి వెళ్లాం. ఎనిమిది రోజుల షాటు కదా, వదులుకోవడానికి మనసొప్పలేదు. చూసేవాడి మనసు గ్లాసు దగ్గరుంటే మేం వాడిని బస్సు ఎక్కించాం. మూడో కూర్పులో వెనక్కి వెళ్లడం తీసేశాం. ముందు జరిగింది పిల్లాడి నోట ఒక్క ముక్కలో పెట్టాం: "నిన్న బస్సు దిగుతూనే పది తింటానన్నావుగా!" కథ గ్లాసు దగ్గరే ఉండిపోయింది. అప్పుడు నిలబడింది.

కాబట్టి యూట్యూబ్ స్టూడియోలో మీ షార్ట్‌ని ఏ సెకను దాకా ఎంతమంది చూశారో చూపించే గీత తెరిచి, అది ఎక్కడ పడుతోందో చూడండి. మాకు అర్థమైనంతవరకు, మొదటి సెకనులోనే పడితే మొదటి ఫ్రేము తప్పు, బొమ్మ అర్థం కాలేదు. మూడు నాలుగు సెకన్ల దగ్గర పడితే బొమ్మ బాగానే ఉంది కానీ తర్వాత ఏమవుతుందో చూడాలన్న ఆత్రం పుట్టలేదు. ఆరేడు దగ్గర పడితే ఆశ పెట్టి దారి మళ్లించారు. మూడింటికీ మందులు వేరు. వ్యూస్ అంకె చూసి మాత్రం మోసపోకండి. 2025 మార్చి 31 నుంచి షార్ట్ మొదలైతే చాలు, ఎంతసేపు చూశారన్నదానితో పని లేకుండా వ్యూ కింద లెక్కేస్తున్నారు. ఎంతమంది ఆగారు, ఎంతమంది తోసేశారు అన్న శాతమే చూడండి.

శబ్దం గురించి ఒక్క మాట. రికార్డు చేసినప్పుడు డైలాగుకి ముందు ఊపిరి పీల్చుకునే ఖాళీ ఉంటుంది. మా మేనల్లుడి క్లిప్పులో అది దాదాపు ముప్పావు సెకను. దాన్ని కోసేసి, మాట మొదటి ఫ్రేముల్లోనే పడేలా జరిపాం. అదే కూర్పులో చెవుల్లోంచి పొగ, పెద్ద కేక కూడా పెట్టి చూసి తీసేశాం. రాత్రి ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నవాడికి కేక వినగానే చేసే పని ఒకటే.

తెలుగు అక్షరాలు వేస్తే ఇంకో జాగ్రత్త. ఒత్తులు కిందికి దిగుతాయి, గుడులు పైకి లేస్తాయి. మందమైన నల్ల అంచు పెడితే "క్క" ఒత్తు పూడిపోయి చిన్న ఫోనులో మచ్చలా కనిపిస్తుంది. మూడు నాలుగు మాటలు మించకుండా, పైభాగంలో వేయండి. కింద చానల్ పేరు, కుడివైపు లైకు బొత్తాలు కప్పేస్తాయి.

ఇవన్నీ రంగులు వేయకముందే తేల్చుకోవాలి. పెన్సిల్ బొమ్మలు వరసగా పెట్టి, గొంతు జోడించి యానిమాటిక్ చేసుకోండి. ఐదో సెకను దగ్గర ఆపి, కథ తెలియని మనిషికి చూపించి "తర్వాత ఏమవుద్ది?" అని అడగండి. నేను మా వీధి చివర టీ కొట్టాయనకి చూపిస్తాను. సూర్యోదయం కూర్పు అప్పటికే పెట్టేసినా ఆయనకి చూపించాను. చూసి "మిర్చికి కొట్టే మందుల ప్రకటనా అండి?" అన్నాడు. గ్లాసు లాగే కూర్పు చూసి, పాలు పొంగుతున్నా పట్టించుకోకుండా "ఇంతకీ ఆ పిల్లోడు నీళ్లిచ్చాడా?" అని అడిగాడు. నేను చెప్పలేదు. ఆ సాయంత్రమే మా చెల్లిని రంగులు మొదలెట్టమన్నాను. టిక్కీల షాటు మాత్రం ఇంకా హార్డ్ డిస్కులోనే ఉంది. ఎప్పుడు వాడతావని తను అడుగుతూనే ఉంది.