ఆధార్‌లో అత్తింటి పేరు, సర్టిఫికెట్లలో పుట్టింటి పేరు

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. బీటెక్ తర్వాత ఆరేళ్లుగా ఒకే కంపెనీలో పనిచేస్తున్నాను. నిరుడు పెళ్లయింది. గెజిటెడ్ అధికారి ధ్రువీకరణతో ఆధార్‌లో ఇంటిపేరు మార్పించుకున్నాను. పెళ్లి ఇంకా రిజిస్టరు చేయించలేదు. పదో తరగతి మెమో, డిగ్రీ, పాన్, పీఎఫ్ అన్నీ పాత పేరుతోనే ఉన్నాయి. ఇప్పుడు గచ్చిబౌలిలో కొత్త ఉద్యోగం వచ్చింది. రెజ్యూమెలో ఏ పేరు రాయాలి? సర్టిఫికెట్లన్నీ మార్పించుకోవాలా?

జవాబు: సర్టిఫికెట్ల జోలికి వెళ్లకండి. పెళ్లయిందని బోర్డులు, విశ్వవిద్యాలయాలు మెమోలు తిరగరాయవు. అచ్చులో తప్పు పడితే సరిదిద్దడం వేరే సంగతి. మీ చదువంతా పుట్టింటి పేరుతోనే ఉంటుంది, అందులో లోపమేమీ లేదు. ఆ పేరున్న అమ్మాయీ ఆధార్‌లోని అమ్మాయీ ఒకరేనని చూపే కాగితం మాత్రం మీ దగ్గర ఉండాలి. అది వివాహ ధ్రువపత్రం. కాబట్టి ముందుగా సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయానికి వెళ్లండి.

అక్కడ చాలా జాగ్రత్తగా ఉండాలి. వివాహ ధ్రువపత్రంలో వధువు పేరు పెళ్లికి ముందున్నట్టు ఉంటేనే అది మీకు పనికొస్తుంది. మీ పుట్టింటి ఇంటిపేరు కొత్తపల్లి, అత్తింటిది గంగవరం, మీ పేరు లక్ష్మి అనుకుందాం. పత్రంలో వధువు కొత్తపల్లి లక్ష్మి, వరుడి ఇంటిపేరు గంగవరం అని ఉంటే, చూసినవారికి పేరు ఎలా మారిందో వెంటనే తెలుస్తుంది. ఆధార్ చూసి వధువు పేరు కూడా గంగవరం లక్ష్మి అని ఎక్కించారో, మీ డిగ్రీతో ఆ పత్రానికి సంబంధమే తెగిపోతుంది. అందుకే పదో తరగతి మెమో, పాన్ వెంట తీసుకెళ్లి, మెమోలో ఉన్న అక్షరాలతోనే పేరు నమోదు చేయమని అడగండి. సంతకం పెట్టే ముందు ప్రతి అక్షరం చదవండి. మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటే, రెండూ ఒకరి పేర్లేనని నోటరీతో ఒక అఫిడవిట్ కూడా చేయించి పెట్టుకోండి. ఆధార్ పేరుతో తప్ప నమోదు చేయమని వారు పట్టుబడితే, చంచల్‌గూడలోని ప్రభుత్వ ముద్రణాలయం ద్వారా గెజిట్‌లో పేరు మార్పు ప్రకటన వేయించుకోవాలి. అందులో పాత పేరు, కొత్త పేరు రెండూ ఉంటాయి.

ఇక రెజ్యూమె. పైన ఆధార్‌లోని పేరు రాసి, దాని కిందే ‘పూర్వపు పేరు: కొత్తపల్లి లక్ష్మి’ అని చేర్చండి. ఇది దాచవలసిన విషయం కాదు. మీరు చేరేటప్పుడు మీ వివరాలు సరిచూసే సంస్థ విశ్వవిద్యాలయానికి పేరు, హాల్‌టికెట్ నంబరు పంపుతుంది, పాత కంపెనీకి పేరు, ఉద్యోగి నంబరు పంపుతుంది. కొత్త పేరు ఒక్కటే పంపితే అటునుంచి ‘ఈ పేరుతో ఎవరూ లేరు’ అని రావచ్చు. అప్పుడు నిజమైన డిగ్రీ కూడా అనుమానంలో పడుతుంది. ఆ సంస్థ ఇచ్చే ఫారంలో ఇతర పేర్లు అడిగే గడి సాధారణంగా ఉంటుంది. చాలామంది దాన్ని ఖాళీగా వదిలేస్తారు. మీరు నింపండి. కొత్త కంపెనీ హెచ్‌ఆర్‌కు ఈరోజే మెయిల్ పెట్టి, ఏ కాగితంలో ఏ పేరుందో చెప్పండి.

ఆధార్‌ను మళ్లీ పాత పేరుకు తిప్పుకుందామని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. ఆధార్‌లో పేరు మార్చుకోవడానికి మామూలుగా జీవితకాలంలో రెండే అవకాశాలు. మీరు ఒకటి వాడేశారు. దాన్ని అలాగే ఉంచి, మిగతావాటిని దానికి దగ్గరగా తీసుకురండి. వివాహ ధ్రువపత్రం చేతికి రాగానే పాన్‌లో పేరు మార్పుకు దరఖాస్తు చేయండి. నంబరు మారదు కాబట్టి పన్ను లెక్కలకు ఇబ్బంది లేదు. తర్వాత పీఎఫ్. మీ యూఏఎన్ 2017 అక్టోబరు 1 తర్వాత వచ్చి, ఆధార్‌తో ధ్రువీకరణ అయి ఉంటే పేరు మీరే ఆన్‌లైన్‌లో సరిచేసుకోవచ్చు. అంతకు ముందుదైతే కంపెనీ ఆమోదం కావాలి. రాజీనామా చేశాక వాళ్ల వెంటపడటం కష్టం, అందుకని పాత కంపెనీలో ఉండగానే ఆ పని ముగించండి. పేర్లు కలవకపోతే పీఎఫ్ బదిలీ ఆగుతుంది. బ్యాంకు ఖాతాలో పేరు చివర మార్చుకున్నా నష్టం లేదు.

మెయిల్ ఐడీ పాత పేరుతో ఉన్నా మార్చకండి. లింక్డ్‌ఇన్‌లో ఇంటిపేరు మార్చినప్పుడు పాత పేరును అదనపు పేరుగా ఉంచండి, పాత సహోద్యోగులు వెతికేది దానితోనే. ప్రొఫైల్ లింకును మాత్రం కదిలించకండి, మీరు ఇప్పటికే పంపిన రెజ్యూమెల్లో ఉన్నది అదే.