డిలీట్ అయ్యాక తీసిన కొత్త ఫొటోలు కార్డులో ఎక్కడికి వెళ్తాయి?

ప్రశ్న: కెమెరా కార్డులో పెళ్లి ఫొటోలు పొరపాటున డిలీట్ అయ్యాయి. తర్వాత అదే కార్డు మీద ఇంకో వంద ఫొటోలు తీశాను. 32 జీబీ కార్డులో సగానికి పైగా ఖాళీగానే ఉంది కదా, పాతవి భద్రంగానే ఉంటాయా?

జవాబు: మీరు ఖాళీ అనుకుంటున్న ఆ సగంలోనే మీ పాత ఫొటోలు ఉన్నాయి. డిలీట్ చేసినప్పుడు కెమెరా ఫొటోను చెరపదు. దాని పేరులో మొదటి అక్షరం చోట ఒక గుర్తు పెట్టి, అది ఆక్రమించిన క్లస్టర్లు, అంటే కార్డులోని చిన్న చిన్న గడులు, ఇక ఎవరైనా వాడుకోవచ్చని కార్డులోని పట్టికలో రాసి ఊరుకుంటుంది. ఇంతవరకూ రాయని చోటు, ఇప్పుడే వదిలేసిన చోటు ఆ పట్టికకు ఒక్కటే. కాబట్టి కొత్త ఫొటో ఎక్కడ పడుతుందో చెప్పలేం.

విశాఖలో ద్వారకానగర్‌లోని మా రిపేరు దుకాణానికి గాజువాక నుంచి ఒక ఫొటోగ్రాఫర్ గారు ఇలాంటి కార్డే తెచ్చారు. పసుపు దంచే వేడుక ఫొటోలు పోయాక, ఆయన ఆర్కే బీచ్‌లో దాదాపు 600 ఎంబీల వీడియో ఒకటి తీశారు. ఒక్కో ఫొటో 8 ఎంబీలు, క్లస్టరు 32 కేబీలు. అంటే ఒక ఫొటోకు 256 క్లస్టర్లు. కార్డు మొదట్లో ఖాళీ అయిన చోటనే వీడియో వచ్చి పడటంతో సుమారు 75 ఫొటోలకు సరిపడా చోటు పోయింది. మిగిలినవి చాలావరకు చక్కగా వచ్చాయి.

విచిత్రం ఆ రెంటి మధ్య సరిహద్దులో కనిపించింది. ఫొటో మొదటి క్లస్టరు పోతే, అది జేపెగ్ అని చెప్పే ఆనవాలే ఉండదు కనుక రికవరీ సాఫ్ట్‌వేర్ దాన్ని గుర్తించకపోవచ్చు. నడుమ క్లస్టర్లు మాత్రమే పోతే పెళ్లికూతురి ముఖం వరకూ బాగానే ఉండి, కింద రంగులు చెదిరిపోతాయి లేదా బూడిదరంగు కమ్ముకుంటుంది. చిన్న థంబ్‌నెయిల్ ఫైలు మొదట్లోనే ఉంటుంది కాబట్టి జాబితాలో బొమ్మ నిండుగా కనిపిస్తుంది. దాన్ని చూసి ఫొటో దొరికిందని సంబరపడకండి, తెరిచి చూడండి.

ఇప్పుడు కార్డును కెమెరా నుంచి తీసి, పక్కనున్న లాక్ మీటను జరిపి, లినక్స్ కంప్యూటరుకు రీడరుతో కలపండి. ముందు `lsblk`తో కార్డు పేరు చూసుకుని, `sdb` స్థానంలో ఆ పేరు పెట్టి, మొత్తం కార్డుకు నకలు తీయండి:

```
sudo ddrescue -d /dev/sdb card.img card.map
```

ఫొటోరెక్ అనే రికవరీ సాఫ్ట్‌వేర్‌ను ఆ నకలు మీదనే నడిపి, దొరికినవి కంప్యూటరులోనే దాచండి. వాటిని తిరిగి కార్డులోకే ఎక్కిస్తే, ఇంకా దొరకాల్సిన ఫొటోల మీదనే రాసినట్టవుతుంది. కొత్త ఫొటో కింద పడిపోయిన క్లస్టరును మాత్రం ఏ దుకాణమూ వెనక్కి తేలేదు, ఎంత డబ్బు అడిగినా సరే.