రెండు కిలోల బెల్లమా, రెండు కిలోలు బెల్లమా?

«మా ఇంట్లో తమిళం. చిత్తూరులో షాపు బోర్డుకు 'రెండు లడ్డు', 'రెండు కిలోలు బెల్లం' అని రాస్తే రెండూ తప్పేనంటున్నారు. అంకె తర్వాత లు పెట్టాలా వద్దా?»

మొదటిది తమిళం అలవాటే. అక్కడ అంకె తర్వాత వస్తువును ఏకవచనంలో వదిలేసినా చెల్లుతుంది. తెలుగులో రెండు నుంచి పైకి లెక్కపెట్టగల వస్తువైతే బహువచనమే: ఒక లడ్డు, రెండు లడ్డూలు.

రెండోదే చాలామంది తడబడేది. లు తర్వాత ఇంకో నామం వస్తుందా అని చూడండి.

1. వస్తే లు కాస్తా ల అవుతుంది: రెండు కిలోల బెల్లం, మూడు గంటల ప్రయాణం, రెండు వందల రూపాయలు.
2. రాకపోతే లు అలాగే ఉంటుంది: బెల్లం రెండు కిలోలు.
3. చివరి నామాన్ని విడిగా చూడాలి. బెల్లం లెక్కపెట్టలేం, మారదు. మామిడికాయలైతే రెండు కిలోల మామిడికాయలు.

మనుషులకైతే ఇద్దరు కూలీలు, పదిమంది కూలీలు. మందికి మాత్రం లు తగిలించకండి.

అంకెకు ఓ చేరితే మళ్లీ ఏకవచనమే. తిరుమలలో ఏడు కొండలు, గుడి ఉన్నది ఏడో కొండ మీద. ఏడుకొండలవాడు అన్నప్పుడు ల వచ్చింది కదా, అది మొదటి సూత్రమే.

బోర్డు మీద «బెల్లం: 2 కిలోలు» అని రాయించండి, గొడవుండదు.