టెక్ సందేహాలు: రెండు ఓమ్‌ల కాయిల్ 115 ఆంపియర్లు ఎందుకు లాగదు?

ప్రశ్న: అక్క అమెరికా నుంచి రైస్ కుక్కర్ తెచ్చింది. దాని మీద 120 వోల్టులు, 600 వాట్లు అని ఉంది. 230 నుంచి 115 వోల్టులకు దించే 1000 వీఏ ట్రాన్స్‌ఫార్మర్ కొన్నాం. దాని ప్లగ్ పిన్నుల మధ్య మల్టీమీటర్ పెడితే 2 ఓమ్‌లే చూపించింది. 230ని 2తో భాగిస్తే 115 ఆంపియర్లు రావాలి కదా, మరి ఫ్యూజ్ ఎందుకు పోవడం లేదు? 6 ఆంపియర్ల సాకెట్‌లో పెట్టొచ్చా? వెనక వసారాలోకి 20 మీటర్ల ఎక్స్‌టెన్షన్ కూడా కావాలి. దాన్ని ట్రాన్స్‌ఫార్మర్‌కి ముందు పెట్టాలా, తర్వాత పెట్టాలా? (ఒక పాఠకురాలు, హనుమకొండ)

జవాబు: నిశ్చింతగా పెట్టుకోండి. మీ కుక్కర్ అన్నం వండుతున్నప్పుడు గోడ సాకెట్ నుంచి వెళ్లేది సుమారు 2.4 ఆంపియర్లే. ఎక్స్‌టెన్షన్ మాత్రం ట్రాన్స్‌ఫార్మర్‌కి ముందే ఉండాలి. ఈ రెండు జవాబులూ ఒకే లెక్క నుంచి వస్తాయి.

మల్టీమీటర్ అబద్ధం చెప్పలేదు. అది తన బ్యాటరీతో డీసీ పంపి, రాగి తీగ నిరోధం ఎంతో చూసింది. డీసీ నిలకడగా ఉంటుంది కాబట్టి కాయిల్ చుట్టిన ఇనప కోర్‌లోని అయస్కాంత ఫ్లక్స్ మారదు, అది మారనిదే కాయిల్‌లో ఎదురు వోల్టేజీ పుట్టదు. గోడ నుంచి వచ్చే ఏసీ సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊగే ఫ్లక్స్, గోడ సాకెట్‌కి తగిలే ప్రైమరీ కాయిల్‌లోనే దాదాపు 230 వోల్టుల ఎదురు వోల్టేజీని పుట్టిస్తుంది. గోడ వోల్టేజీకి అది అడ్డంగా నిలబడుతుంది కాబట్టి ఆ 2 ఓమ్‌ల మీద పడడానికి మిగిలేది కొద్ది వోల్టులే.

ఇప్పుడు కుక్కర్ తగిలించారు. కుక్కర్ వైపున్న సెకండరీ కాయిల్‌లో కరెంటు పారగానే అది కోర్‌లోని ఫ్లక్స్‌ను తగ్గించబోతుంది. కానీ ఫ్లక్స్ ఎంత ఉండాలో గోడ వోల్టేజీ నిర్ణయించేసింది, అది తగ్గడానికి వీల్లేదు. అందుకని సెకండరీ చేసిన పనిని సరిగ్గా చెరిపేసేంత కరెంటును ప్రైమరీ గోడ నుంచి తీసుకుంటుంది. చెరిపేయడమంటే రెండు వైపులా చుట్లు, కరెంటుల లబ్ధం సమానం కావడమే. మీ ట్రాన్స్‌ఫార్మర్‌లో ప్రైమరీ చుట్లు సెకండరీకి రెట్టింపు. కాబట్టి సెకండరీలో పారేదానిలో సగం కరెంటు ప్రైమరీలో పారితే సరిపోతుంది.

వోల్టేజీ వైపు చూస్తే ప్రైమరీది సెకండరీకి రెట్టింపు, కరెంటు వైపు చూస్తే సగం. వోల్టేజీని కరెంటుతో భాగిస్తే వచ్చేదే ఇంపెడెన్స్. పైన రెట్టింపు, కింద సగం అయితే భాగఫలం నాలుగింతలవుతుంది. చుట్ల నిష్పత్తికి వర్గం కట్టడానికి కారణం ఇదే. ఇంజనీరింగ్ పిల్లలు ఎక్కువగా తప్పేది కూడా ఇక్కడే, వర్గం మరిచి రెండుతోనే గుణిస్తారు. కింద a అంటే చుట్ల నిష్పత్తి, Z2 కుక్కర్ ఇంపెడెన్స్, Z1 అదే ప్రైమరీ నుంచి చూస్తే కనిపించేది, I1 ప్రైమరీ కరెంటు.

```
a  = 230/115 = 2
Z2 = 120²/600 = 24 Ω
Z1 = a² × Z2 = 4 × 24 = 96 Ω
I1 = 230/96 ≈ 2.4 A
```

కాబట్టి గోడ సాకెట్‌కి ట్రాన్స్‌ఫార్మర్, కుక్కర్ అని వేరువేరుగా కనిపించవు. దానికి కనిపించేది 96 ఓమ్‌ల నిరోధం ఒక్కటే. నాలుగుతో గుణించడం సరైనదో, భాగించడం సరైనదో తెలుసుకోవడానికి పవర్ చూడండి. సెకండరీలో 115 వోల్టులు, 4.79 ఆంపియర్లు, అంటే 551 వాట్లు. ప్రైమరీలో 230 వోల్టులు, 2.4 ఆంపియర్లు, మళ్లీ దాదాపు అంతే. ఎవరైనా నాలుగుతో గుణించడానికి బదులు భాగిస్తే 6 ఓమ్‌లు, 38 ఆంపియర్లు వస్తాయి. అది 8,800 వాట్లు, ఒక కుక్కర్ తినలేనంత. అన్నట్టు, 600కి బదులు 551 వాట్లే అందుతున్నాయి కాబట్టి అన్నం ఉడకడానికి కాస్త ఎక్కువ సమయం పడుతుంది.

ఇక ఎక్స్‌టెన్షన్ సంగతి. 0.75 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ 20 మీటర్లది తీసుకుంటే రానూ పోనూ కలిపి దాదాపు 1 ఓమ్ అవుతుంది. దాన్ని ట్రాన్స్‌ఫార్మర్‌కి ముందు పెడితే ఆ ఓమ్ ప్రైమరీ వైపే ఉంది, మార్చక్కర్లేదు. మొత్తం 97 ఓమ్‌లు, ప్రైమరీ కరెంటు 2.37 ఆంపియర్లు. కుక్కర్‌లో పారేది దానికి రెట్టింపు, 4.74. దాన్ని 24తో గుణిస్తే కుక్కర్‌కి దాదాపు 114 వోల్టులు అందుతాయి.

అదే తీగను ట్రాన్స్‌ఫార్మర్‌కి తర్వాత పెడితే కుక్కర్‌తోపాటు అదీ నాలుగింతలవుతుంది. సెకండరీలో 25 ఓమ్‌లు, ప్రైమరీ నుంచి చూస్తే 100. కరెంటు 2.3 ఆంపియర్లు, కుక్కర్‌లో 4.6, కుక్కర్‌కి అందేది 110.4 వోల్టులే. తీగలో వేడిగా పోయేది మొదటి పద్ధతిలో 6 వాట్ల లోపు, రెండో పద్ధతిలో 21 వాట్లు. అందుకే ట్రాన్స్‌ఫార్మర్‌ని కుక్కర్ పక్కన పెట్టి, పొడుగు తీగను 230 వోల్టుల వైపు ఉంచమంటున్నాను. ఇంపెడెన్స్‌ను ఒక వైపుకి తెచ్చి చూడడంలోని అసలు ఉపయోగం ఇలాంటి చోటే తెలుస్తుంది. సెకండరీ వోల్టేజీ ఎంతో ముందే తెలియనప్పుడు, అన్నిటినీ ఒకే వైపుకి చేర్చి ఒక్క భాగహారంతో తేల్చేయొచ్చు.

కుక్కర్‌కి బదులు కాయిల్ ఉన్న వస్తువైతే తీగ నిరోధం, ఊగే కరెంటుకి కాయిల్ చూపే అడ్డు అయిన రియాక్టెన్స్, రెంటినీ విడివిడిగా నాలుగుతో గుణించాలి. j గుర్తుతో రాసేది రియాక్టెన్స్ అనుకుంటే, 80 + j60 ఓమ్‌లు 320 + j240 అవుతుంది. రెంటినీ మామూలుగా కూడి 560 అనకూడదు. వర్గాలు కూడి మూలం తీస్తే 400 వస్తుంది, కరెంటు 0.575 ఆంపియర్లు. అది వోల్టేజీ కంటే 37 డిగ్రీలు వెనకబడే ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ ఆ కోణాన్ని మార్చదు.

ఇదంతా ఆదర్శ ట్రాన్స్‌ఫార్మర్ లెక్క. మీరు కొలిచిన 2 ఓమ్‌లు ప్రైమరీ కాయిల్‌వే కాబట్టి వాటిని 96కి కూడితే చాలు, గుణించొద్దు. 98 ఓమ్‌లకు 2.35 ఆంపియర్లు వస్తాయి, పెద్ద తేడా లేదు. సెకండరీ కాయిల్ నిరోధాన్ని మాత్రం నాలుగింతలు చేసి కలపాలి.

అసలు తేడా లోడ్ తగ్గినప్పుడు బయటపడుతుంది. అన్నం ఉడికి కుక్కర్ వార్మ్‌కి పడ్డాక అది 48 వాట్లే తీసుకుంటుందనుకుందాం. అప్పుడు దాని నిరోధం 300 ఓమ్‌లు, ప్రైమరీకి 1200గా కనిపిస్తుంది, లెక్క ప్రకారం 0.19 ఆంపియర్లు. క్లాంప్ మీటర్ అంతకంటే ఎక్కువే చూపిస్తుంది, ఎందుకంటే కోర్‌లో ఫ్లక్స్ నిలపడానికి ట్రాన్స్‌ఫార్మర్ విడిగా కొంత కరెంటు తీసుకుంటుంది. అది ఎంతో తెలియాలంటే కుక్కర్ తీసేసి ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటే ఆన్‌లో ఉంచి కొలవండి. ఆ కరెంటు దాదాపు పావు ఆవర్తనం వెనకబడి ఉంటుంది కాబట్టి దాన్ని 0.19కి నేరుగా కూడితే లెక్క తప్పుతుంది. కొలిచేటప్పుడు క్లాంప్‌ని ఒక్క తీగ చుట్టూనే పట్టాలి. మొత్తం కేబుల్‌ని పట్టుకుంటే వెళ్లే కరెంటూ వచ్చే కరెంటూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని సున్నా చూపిస్తుంది.