ఎస్.ఓ.ఎస్. అంటే నొప్పి వచ్చినప్పుడల్లా అని కాదు

ప్రశ్న: డాక్టర్ గారూ, మా నాన్నగారికి 62 ఏళ్లు. నడుం నొప్పికి మూడు మాత్రలు రాశారు. ఎసిక్లోఫెనాక్ 100, పారాసిటమాల్ 325 కలిసిన మాత్రకి బి.డి. పి.సి. అని, పాంటోప్రజోల్ 40కి ఓ.డి. ఎ.సి. అని, పారాసిటమాల్ 650కి ఎస్.ఓ.ఎస్. అని ఉంది. నాన్న నొప్పి మాత్ర మధ్యాహ్నం ఒంటిగంటకి, రాత్రి ఎనిమిదికి తిన్నాక వేసుకుంటున్నారు. గ్యాస్ మాత్ర కూడా మధ్యాహ్నం దాంతోపాటే. 650 మాత్ర నొప్పి వచ్చినప్పుడల్లా వేసుకుంటున్నారు, రోజుకి ఐదు అవుతున్నాయి. నాలుగు రోజులైంది. తెల్లవారుజామున నొప్పి తగ్గట్లేదు, పైగా కడుపులో మంట. ఈ అక్షరాలకి అసలు అర్థం ఏంటి?

జవాబు: ముందు ఆ 650 మాత్ర సంగతి మాట్లాడుకుందాం. మిగతా రెండింటికంటే అదే తొందరగా సరిదిద్దాల్సింది.

ఎస్.ఓ.ఎస్. అనగానే చాలామందికి ఓడలు పంపే ప్రమాద సంకేతం గుర్తొస్తుంది. ‘అర్జెంటుగా వేసుకోవాలి’ అని అర్థం చేసుకున్నవాళ్లను నేను చూశాను. నిజానికి ఇది లాటిన్‌లోని ‘సి ఓపస్ సిట్’ అనే మాటకి పొట్టిరూపం. అవసరమైతేనే వేసుకోమని, లేకపోతే మానేయమని దాని అర్థం. కొందరు డాక్టర్లు ఇదే అర్థంలో పి.ఆర్.ఎన్. అని రాస్తారు. చిక్కేమిటంటే, వేసుకోవాలా వద్దా అనే నిర్ణయం ఆ మూడక్షరాలు పేషెంటు చేతికి ఇస్తాయి కానీ, ఎంత గ్యాప్ ఉండాలో, రోజుకి ఎన్నిటికి ఆపాలో చెప్పవు. ఆ రెండూ డాక్టర్ పక్కనే రాయాలి. రాయకపోతే మనమే అడగాలి.

పెద్దవాళ్లలో పారాసిటమాల్ డోసుకీ డోసుకీ మధ్య కనీసం నాలుగు గంటలైనా ఉండాలి. 650 మాత్రకైతే నేను ఆరు గంటలు చెబుతాను. అన్ని మాత్రల్లో ఉన్నది కలిపి రోజుకి 4000 మిల్లీగ్రాములు దాటకూడదు. లివర్ జబ్బు, మద్యం అలవాటు ఉన్నవాళ్లకి, బాగా బరువు తక్కువ ఉన్నవాళ్లకి ఆ గీత ఇంకా కిందే. 60 దాటినవాళ్లకి నేను 3000 దగ్గరే ఆపమంటాను.

ఇప్పుడు మీ నాన్నగారి లెక్క చూడండి. 650 మాత్రలు ఐదు అంటే 3250 మిల్లీగ్రాములు. నొప్పి మాత్రలోనూ పారాసిటమాల్ 325 ఉంది, అది రెండుసార్లు కాబట్టి ఇంకో 650. మొత్తం 3900. గీత మీదే నడుస్తున్నారన్నమాట. ఈలోగా జలుబు చేసి, పారాసిటమాల్ 500 ఉన్న జలుబు మాత్ర ఒక్కటి వేసుకున్నా 4400 అవుతుంది. ఆయన తనకి తెలిసి అతిగా వేసుకోవట్లేదు. పేరు వేరు, రంగు వేరు కాబట్టి రెండూ ఒకే మందు అని తెలియదు, అంతే. స్ట్రిప్ వెనక చిన్న అక్షరాల్లో ఉండే మందు పేర్లు చదివితేనే ఈ సంగతి బయటపడుతుంది.

టెన్షన్ పడకండి. నాలుగు రోజులు ఇలా వాడినంతమాత్రాన లివర్ దెబ్బతిన్నదని కాదు. కానీ ఈరోజు నుంచి 650 మాత్ర ఆపి, రాసిన డాక్టర్‌కి ఈ లెక్క మొత్తం చెప్పండి. ఒకసారి లివర్ టెస్టు చేయిద్దామా అని అడగండి. పారాసిటమాల్ ఎక్కువైనప్పుడు మొదటి రోజు పెద్దగా ఏమీ తెలియకపోవచ్చు. ‘బానే ఉన్నారు కదా’ అని ఊరుకోవద్దని చెప్పేది అందుకే.

అసలు ఆయనకి రోజుకి ఐదు మాత్రలు ఎందుకు అవసరమయ్యాయి? నా అనుమానం బి.డి. మీద. బి.డి. అంటే రోజుకి రెండుసార్లు, అది నిజమే. కానీ ఏవో రెండుసార్లు అని కాదు, రోజుని రెండు సమభాగాలు చేసి దాదాపు 12 గంటలకి ఒకటి. ఒంటిగంటకీ ఎనిమిదికీ మధ్య ఏడు గంటలే. రాత్రి ఎనిమిది నుంచి మర్నాడు ఒంటిగంట దాకా 17 గంటలు ఖాళీ. ఎసిక్లోఫెనాక్ రక్తంలో సుమారు నాలుగు గంటలకి సగమవుతుంది. రాత్రి వేసుకున్నది తెల్లవారేసరికి చాలా వరకు అయిపోతుంది. నడుం పట్టేసే సమయమూ అదే. అప్పుడు ఆయన చేయి 650 స్ట్రిప్ మీదకి పోతోంది. ఉదయం ఎనిమిదికి, రాత్రి ఎనిమిదికి వేసుకుని ఉంటే ఆ ఖాళీ అంత పొడుగు ఉండేది కాదు. 1-0-1 అని రాసే పద్ధతి ఇందుకే నాకు నచ్చుతుంది. మధ్యలో సున్నా మధ్యాహ్నానిది అని చూడగానే తెలుస్తుంది.

ఒక డోసు మర్చిపోతే, రెండు మూడు గంటల్లో గుర్తొస్తే వేసుకోవచ్చు. తర్వాతి డోసు దగ్గరపడితే వదిలేయాలి. రెండూ కలిపి మాత్రం వేసుకోకూడదు.

ఇక పి.సి., ఎ.సి. మొదటిది తిన్నాక, రెండోది తినకముందు. వీటిలో ‘ఎందుకు’ తెలిస్తేనే పని జరుగుతుంది. పాంటోప్రజోల్‌కి ఎ.సి. రాసింది ఊరికే కాదు. కడుపులో యాసిడ్ తయారుచేసే పంపులు మనం తినడం మొదలుపెట్టాక చురుగ్గా పనిచేస్తాయి. అప్పటికే మందు రక్తంలో ఉంటే వాటిని పట్టుకుంటుంది. అందుకే రోజుకి ఒక్కసారి, అంటే ఓ.డి., ఉదయం టిఫిన్‌కి అరగంట నుంచి గంట ముందు వేసుకోవాలి. మధ్యాహ్నం భోజనం అయ్యాక వేసుకుంటే మాత్ర పడుతుంది కానీ పని సగమే. మంటకి ఇదొక కారణం కావచ్చు.

నొప్పి మాత్రని తిన్నాక వేసుకోమనేది కడుపులో వికారం, మంట తగ్గడానికి. అయితే ఈ మందు రక్తంలో కలిశాక కూడా కడుపు లోపలి పొరని కాపాడే రసాయనాలను తగ్గిస్తుంది. కాబట్టి కడుపు నిండా తిన్నాక వేసుకుంటే పుండు పడదనే భరోసా లేదు. మీ నాన్నగారికి ఇప్పటికే మంట ఉంది కాబట్టి, ఈ మాత్ర కొనసాగించాలా వద్దా అన్నది తర్వాతి డోసుకి ముందే డాక్టర్‌ని అడగండి. బీపీ మందులు వాడుతుంటే, కిడ్నీ సమస్య ఉంటే అది కూడా చెప్పండి.

ఇంకో మాట. అందరి చీటీల్లోనూ పి.సి. ఒకేలా పనిచేయదు. ఒక పూట తినలేకపోతే, కొన్ని మందులు ఏదో కొంచెం తిని వేసుకోవచ్చు. కానీ గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ మాత్రలో తిండి అనేది షరతు. తినకుండా వేసుకుంటే షుగర్ పడిపోయి చెమటలు, వణుకు, స్పృహ తప్పడం దాకా పోతుంది. ‘తినకపోతే ఈ మాత్ర వేసుకోవాలా, మానాలా’ అని ప్రతి మాత్రకీ విడిగా అడగాలి.

డాక్టర్ మళ్లీ 650 వేసుకోవచ్చంటే, ఆ స్ట్రిప్ మీద మార్కర్‌తో గ్యాప్ ఎన్ని గంటలో, రోజుకి ఎన్ని దాటకూడదో రాయండి. కింద వేసుకున్న టైమ్ కూడా నోట్ చేయించండి. నల్లగా తారులాంటి విరేచనం, రక్తపు వాంతి, కళ్లు పచ్చబడటం, ఆగని వాంతులు, వీటిలో ఏది కనిపించినా ఫోన్‌తో సరిపెట్టకుండా, మాత్రలన్నీ చేతిలో పట్టుకుని వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.