మధ్యలో ఏం జరిగిందో రాయి

శ్రావణీ,

క్రైస్తవ మఠాల మీద నీ వ్యాసం చదివాను. ఈజిప్టు ఎడారిలో ఆంథోనీ అనే సన్యాసి ఒంటరి తపస్సుతో మొదలుపెట్టి, రెండు పేరాలు తిరక్కుండానే “ఆ తర్వాత మఠాలు డబ్బు రుచి మరిగాయి” అని తేల్చేశావు. నా అభ్యంతరం అక్కడే. మధ్యలో ఏం జరిగిందో చెప్పకుండా తీర్పు ఇచ్చేశావమ్మా.

ఎడారి సన్యాసులూ తాటాకు బుట్టలు, చాపలు అల్లి అమ్ముకునే పొట్ట పోసుకున్నారు. 320 ప్రాంతంలో పకోమియస్ నైలు ఒడ్డున అలాంటివాళ్లను ఒకే ప్రహరీలోకి చేర్చాడు. వందలమంది కలిసి తింటే వంట ఎవరిది, చాపలు ఎవరు అమ్మాలి, డబ్బు ఎవరి దగ్గరుండాలి అన్న ప్రశ్నలు రాక తప్పవు, నియమావళి అవసరం పడింది అందుకే. ఆరో శతాబ్దంలో ఇటలీలో బెనెడిక్ట్ రాసిన నియమావళిలో, మఠంలో తయారైన సరుకు బయటి ధరకన్నా కాస్త తక్కువకే అమ్మాలని ఉంది. దురాశ చొరబడకూడదని ఆయన ముందే జాగ్రత్తపడ్డాడు. ఈ మాట నీ వ్యాసంలో తప్పకుండా ఉండాలి.

ఇక యూరప్ అంతటినీ ఒకే వ్యాసంలో ఇరికించకు. ఇంగ్లండులోని ఫౌంటెన్స్ మఠం ఒక్కటీ తీసుకో. 1132లో యార్క్‌లోని ఓ సంపన్న మఠం వదిలి వచ్చినవాళ్లు దాన్ని మొదలుపెట్టి, కొన్నేళ్లకే సిస్టర్షియన్లు అనే కఠిన నియమాల సన్యాసుల శాఖలో చేరారు. కౌళ్లు వద్దు, దశమ భాగాలు వద్దు, వెట్టి రైతులు వద్దు, మా రెక్కల కష్టం మీదే బతుకుతాం అన్నది వాళ్ల పట్టుదల. కానీ రోజుకు అన్నిసార్లు ప్రార్థనకు నిలబడాల్సిన సన్యాసి దూరపు పొలానికి ఎప్పుడు వెళ్తాడు? అందుకే లే బ్రదర్స్‌ను పెట్టుకున్నారు. వాళ్లూ వ్రతం పట్టినవాళ్లే, ఎక్కువమందికి చదువు రాదు, గ్రేంజ్ అనే దూరపు క్షేత్రాల్లో గొర్రెలు మేపేవారు. శిథిలమైన ఆ మఠంలో పడమటివైపు దాదాపు 300 అడుగుల పొడవు కట్టడం ఇప్పటికీ నిలిచే ఉంది. కింద వాళ్ల భోజనశాల, సరుకుల గదులు, పైన పడక. అంత పొడవెందుకో ఆలోచిస్తే ఎంతమంది చేతులు పనిచేశాయో అర్థమవుతుంది.

జీతాల్లేవు, పెళ్లాంపిల్లల్లేరు, వారసులకు పంచాల్సిన పనిలేదు. అంటే మిగులు పుట్టిందే త్యాగం నుంచి. ఆ ఉన్ని కోసం ఇటలీ వర్తకులు ముందే వచ్చి, రాబోయే కొన్నేళ్ల ఉన్నికి అడ్వాన్స్ ఇచ్చేవారు. చేతికొచ్చిన డబ్బు ఖర్చయిపోయాక, 13వ శతాబ్దం చివర్లో గొర్రెలకు గజ్జి వచ్చి మందలు దెబ్బతిన్నాయి, ఒప్పుకున్న ఉన్ని ఇవ్వలేక మఠాలు అప్పుల్లో కూరుకున్నాయి, ఫౌంటెన్స్ కూడా. లే బ్రదర్స్‌గా చేరేవాళ్లూ తగ్గిపోయారు, 1348–49 ప్లేగు తర్వాత కూలీలే దొరకని పరిస్థితి. చివరికి గ్రేంజ్‌లు కౌలుకిచ్చారు, ఏ కౌలు వద్దని మొదలుపెట్టారో దానితోనే బతికారు.

దీన్ని దురాశ అని ఒక్క మాటలో కొట్టిపారేస్తే ఆ మనుషులకు అన్యాయం చేసినట్టే. రెండో పేరా తీసేసి, ఆ అడ్వాన్స్ ఒప్పందం దగ్గర మొదలుపెట్టి మళ్లీ రాసి పంపు.